మూడు వేళ్ళు పట్టని నోరు

ముందుగా మీ చేత ఒక చిన్న పని చేయించనివ్వండి. చేతులు శుభ్రంగా కడుక్కుని రండి. మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు దగ్గరగా చేర్చండి. నోరు వీలైనంతగా తెరిచి, ఆ మూడు వేళ్ళనూ ఒకదానిపై ఒకటి వచ్చేటట్టు నిలువుగా, ముందు పళ్ళ మధ్య పెట్టి చూడండి. పట్టాయా? సంతోషం. రెండే పట్టి మూడోది బయటే ఉండిపోయిందా? అయితే ఈ వ్యాసం మీ కోసమే. మూడూ పట్టినవాళ్ళు కూడా చదవండి. మీ ఇంట్లో అమ్మ చేతనో, అత్తగారి చేతనో, కాలేజీకి వెళ్ళే కుర్రవాడి చేతనో ఈ పరీక్ష చేయించాల్సి రావచ్చు.

నేను పళ్ళ డాక్టర్ని. మా ఊరు సారంగాపూర్. జగిత్యాలలో కూర్చుని నలుగురి నోళ్ళూ చూసి బతికేవాణ్ణి. అలాంటి నేను, కన్నతల్లిలా నన్ను పెంచిన మా అక్క నోరు మూసుకుపోతూంటే, ఏడాదిపాటు ఆమె చేతివంట తింటూ కూడా కనిపెట్టలేకపోయాను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. అయినా చెబుతాను. నేను పోల్చుకోలేకపోయిన గుర్తులు మీకు తెలిస్తే మీరు ఏడాది ముందే జాగ్రత్త పడవచ్చు.

మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకు బీడీల మాట వేరే చెప్పక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఎక్కడ చూసినా వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. మా అక్క కూడా పెళ్ళయిన నాటినుంచీ చుడుతోంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. నిద్ర రాకుండా, ఆకలి తెలియకుండా దవడన ఒక వక్క ముక్క. అది అరిగిపోతే ఇంకొకటి. పొగాకు మాత్రం నోట్లో వేసుకునేది కాదు. రోజంతా పొగాకు పొడిలో చేతులు పెట్టే మనిషి, ఆ పొగాకును అంత అసహ్యించుకునేది. "నేనేం తంబాకు తింటాన్నారా? ఒట్టి వక్కనే గదా!" అనేది. నేనూ నిజమేకదా అనుకున్నాను. డాక్టర్నయి ఉండి!

2022 సంక్రాంతికి ఊరికి వెళ్ళాను. మా వైపు సంక్రాంతి అంటే సకినాలు. అక్క సకినం చేత్తో పట్టుకుని కొరకలేదు. పుటుక్కున చిన్న చిన్న ముక్కలుగా విరిచి, ఒక్కొక్క ముక్క పెదవుల సందులోంచి లోపలికి తోసుకుంటోంది. పళ్ళు కదులుతున్నాయేమో అనుకున్నాను. భోజనాల దగ్గర తనకు మాత్రం పచ్చిపులుసు మిరపకాయ వెయ్యకుండా వేరే గిన్నెలో తీసుకుంది. అడిగితే "వేడి చేసింది తమ్మీ, నోరు మండుతాంది" అంది. పేగుపూత అనుకుని బి-కాంప్లెక్సు మాత్రలు రాసి ఇచ్చాను. పొయ్యి ఊదమంటే గొట్టం పుచ్చుకుని ఊదలేక, కోడలిని పిలిచింది. ఆయాసమేమో అనుకున్నాను. ఆ అక్టోబరులో బతుకమ్మకు వెళ్తే, ఊరంతటికీ వినిపించేటట్టు పాడే మా అక్క గొంతు ముక్కులోంచి వస్తోంది. జలుబు అనుకున్నాను.

చూశారా, నాలుగు గుర్తులు, నాలుగు తప్పుడు లెక్కలు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ లేదు. కారం తగిలితే మంట, నోరు చాలినంత తెరుచుకోకపోవడం, బుగ్గలు ఉబ్బించి ఊదలేకపోవడం, గొంతు ముక్కులోకి మారడం, ఈ నాలుగూ వక్క నమిలే మనిషిలో కలిసి కనబడితే ఇక వేరే జబ్బు గురించి వెతకనక్కర్లేదు.

2023 ఫిబ్రవరిలో దవడ పన్ను నొప్పి పెట్టి జగిత్యాలకు వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి "నోరు తెరువక్కా" అన్నాను. తెరిచింది. "ఇంకా తెరు." "గింతే అస్తది రా" అంది. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే గుండ్రటి అద్దం ఉంటుంది కదా, రూపాయి బిళ్ళంత. అది అడ్డంగా పెడితేనే పోయింది, నిలువుగా తిప్పడానికి చోటు లేదు. కొలబద్దతో పై పన్ను అంచు నుంచి కింది పన్ను అంచు దాకా కొలిచాను. 19 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళకు మామూలుగా 35 నుంచి 50 దాకా తెరుచుకోవాలి. రెండు వేళ్ళు కూడా సరిగ్గా పట్టని నోరన్నమాట. ఆ పన్ను పీకడానికి నాకు గంటన్నర పట్టింది.

లోపల బుగ్గ ఎలా ఉందో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న బుగ్గ లోపలివైపు లేత గులాబీ రంగులో, తడిగా, వేలితో లాగితే రబ్బరులా సాగుతుంది. మా అక్క బుగ్గ పాలిపోయి, చలవరాయిలా తెల్లగా ఉంది. వేలు పెట్టి తడిమితే చర్మం కింద నిలువుగా తాళ్ళు పేనినట్టు గట్టి పట్టీలు తగిలాయి. కొండనాలుక ముడుచుకుపోయి మొగ్గలా మిగిలింది. నాలుక చాపమంటే పెదవి దాటి రాలేదు.

ఈ జబ్బును డాక్టర్లు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. నోటి లోపలి పొర కింద నార కట్టిపోవడం అని అర్థం చెప్పుకోవచ్చు. 1952లో ష్వార్జ్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో స్థిరపడిన అయిదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని గమనించి రాశాడు. మరుసటి ఏడాదే బొంబాయిలో డాక్టర్ జోషి ఇక్కడి రోగుల గురించి రాశారు. ఆఫ్రికాలో ఉన్నా మనవాళ్ళకే ఎందుకు వచ్చిందంటే, వాళ్ళు సముద్రం దాటినా వక్కను వదల్లేదు కాబట్టి.

ఇక అసలు సంగతి. పొగాకు లేకపోతే ప్రమాదం లేదనే మా అక్క నమ్మకం, మీలో చాలామంది నమ్మకం కూడా, ఈ జబ్బు విషయంలో పూర్తిగా తప్పు. నోరు బిగియించేది పొగాకు కాదు, వక్క. వక్కలో అరికోలిన్ అనే పదార్థం ఉంది. నిద్ర పోగొట్టి, ఒళ్ళు వెచ్చగా, హుషారుగా అనిపింపజేసేది అదే. అది బుగ్గ పొరలోకి ఇంకి, అక్కడ నార తయారుచేసే కణాలను తొందరపెడుతుంది. అవి అవసరానికి మించి నార నేస్తాయి. సరే, ఎక్కువైన నారను శరీరం తనంతట తాను కరిగించుకుంటుంది కదా అంటారా? అక్కడే వక్కలోని వగరు అడ్డుపడుతుంది. పూర్వం మన ఊళ్ళలో పచ్చి తోలును తుమ్మ చెక్క నీళ్ళలో నానబెట్టి పదును పెట్టేవారు, జ్ఞాపకం ఉందా? తుమ్మ చెక్కలోని వగరు తోలులో ఇంకితే ఆ తోలు ఇక కుళ్ళదు, కరగదు. సరిగ్గా అలాంటి వగరే వక్కలోనూ ఉంది. బుగ్గన వక్క పెట్టుకున్నవాళ్ళు తమ బుగ్గను తామే తోలులా పదును పెట్టుకుంటున్నారన్నమాట. పైపెచ్చు వక్కలో రాగి పాలు ఎక్కువ. అది ఆ నార పోగులను ఒకదానికొకటి ముడి వేస్తుంది.

నార పెరిగే కొద్దీ రక్తనాళాలు నొక్కుకుపోతాయి. అందుకే ఆ తెలుపు. రక్తం అందని పైపొర పలచబడిపోతుంది. అందుకే కారం తగిలితే మంట. గమనించండి, ముందు మంట, తరువాత బిగుతు. మంట ఒక్కటే ఉన్న రోజుల్లో కనిపెట్టడమే గొప్ప అదృష్టం. బిగుతు వచ్చాక ఆ నార మళ్ళీ పూర్తిగా కరగదు.

నోరు తెరుచుకోకపోవడానికి వేరే కారణాలు లేవా అంటే ఉన్నాయి. జ్ఞానదంతం వాచినా, దవడ కీలు పట్టేసినా, ధనుర్వాతం వచ్చినా నోరు బిగుస్తుంది. కాని వాటిలో గంటల్లోనో, రోజుల్లోనో బిగుస్తుంది, నొప్పో, వాపో, జ్వరమో తోడుగా ఉంటుంది. వక్క జబ్బు అలా రాదు. నెలలూ ఏళ్ళూ తీసుకుని, నొప్పి లేకుండా, దొంగలా వస్తుంది. మనిషి తనకు తెలియకుండానే ముద్ద చిన్నది చేసుకుంటూ పోతాడు. అన్నం ముద్ద ఎప్పటినుంచి చిన్నదయిందో మా అక్క చెప్పలేకపోయింది.

"మా తాతయ్య ఎనభై ఏళ్ళు తాంబూలం వేసుకున్నాడండీ, ఏమీ కాలేదు" అని నాతో వాదించే పెద్దమనుషులున్నారు. నిజమే కావచ్చు. నమిలినవాళ్ళందరికీ ఈ జబ్బు రాదు, ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్షా లేదు. భోజనమయ్యాక ఒకసారి వేసుకుని ఉమ్మేసే తాంబూలానికీ, రోజంతా దవడన నానే వక్కకూ తేడా కూడా ఉంది. తమలపాకును ఈ జబ్బుకు ఎవరూ తప్పు పట్టలేదు. అయినా ఆకులో చుట్టినంత మాత్రాన లోపలి వక్క మారిపోదు. పాన్ డబ్బాలో కట్టించుకునే మిఠా పాన్‌లోనూ, పెళ్ళి విందులో పళ్ళెంలో పెట్టే సుగంధ వక్కపొడిలోనూ ఉన్నది అదే. పొట్లాలలో వచ్చే పాన్ మసాలా, గుట్కా మరీ చేటు. ఆకు ఉండదు, అంతా ఎండు వక్కే. తాంబూలానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టే బిగుతు గుట్కా తినే కుర్రవాళ్ళలో రెండు మూడేళ్ళకే రావడం చూస్తున్నాం. పొగాకు కలిసిన గుట్కాను తెలంగాణలో ఏడాదికోసారి ఉత్తర్వులిచ్చి నిషేధిస్తూ వచ్చారు, 2024 మేలో కూడా ఇచ్చారు. పొగాకు లేదని రాసి ఉన్న పొట్లానికి ఆ ఉత్తర్వు వర్తించలేదు. నోటికి మాత్రం రెండూ ఒకటే.

అక్కను కుర్చీలోంచి దింపి, రోజుకెంత నములుతున్నావని అడిగాను. "రెండో మూడో" అంది. ఈ లెక్క ఎప్పుడూ నమ్మకండి. "పావు కిలో తెస్తే ఎన్నాళ్ళు వస్తుంది?" అని అడగండి. "పన్నెండు రోజులు" అంది. అంటే రోజుకు 20 గ్రాములకు పైమాటే. అక్కకే నోట మాట రాలేదు.

వైద్యం ఏమిటంటే, మొదటిది వక్క మానడం. ఇది చెప్పినంత సులభం కాదు. వక్క కూడా అలవాటు పట్టే సరుకే. మానిన మొదటి రెండు వారాలు అక్కకు తలనొప్పి, చిరాకు, చేట ముందు కూర్చుంటే తూగు. సోంపు గింజలు నోట్లో వేసుకోమన్నాను. అక్క చేసిన అసలైన ఉపాయం మాత్రం వేరు. ఇంట్లో ఉన్న వక్కల డబ్బా కోడలి చేతికిచ్చి పొరుగింట్లో పారేయించింది. (ఆ పొరుగావిడ వాటిని పారేయలేదనీ, తనే తిన్నదనీ తరువాత తెలిసింది. ఆవిడను కూడా పిలిపించి చూశాను. మంట మొదలయింది, మూడు వేళ్ళూ పడుతున్నాయి.) మానిన రెండు నెలలకు అక్కకు మంట తగ్గింది. బిగుతు మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు. ఇలా జరుగుతుందని ముందే చెప్పాలి. లేకపోతే "మానినా లాభం లేదు" అని మళ్ళీ మొదలుపెడతారు. మానడం వల్ల లాభం, ఉన్న బిగుతు పోవడం కాదు, కొత్త బిగుతు రాకపోవడం.

రెండోది సూదులు. వాపును అణిచే స్టిరాయిడ్ మందు, నార మధ్య జిగురును పలచబరిచే హయాలురోనిడేజ్ అనే మందు కలిపి, మత్తుమందుతో సహా బుగ్గలోపల పట్టీల దగ్గర వారానికోసారి ఇస్తారు. అక్కకు ఎనిమిది వారాలు ఇచ్చాం. షుగరు ఉన్నవాళ్ళు ముందుగా చెప్పాలి, స్టిరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది. సూదులు ఎంతకాలమైనా పొడిపించుకోవచ్చనుకోకండి. పొడిచిన చోటల్లా గాయమే, గాయం మానిన చోటల్లా మళ్ళీ నారే. రక్తం తక్కువగా ఉంటే దానికి మందు, ఆకుకూరలు, పాలు, పండ్లు ఇవన్నీ తోడు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఐస్ పుల్లలు. నవ్వకండి. పిల్లలు తినే పుల్ల ఐసులో ఉంటుందే, ఆ చెక్క పుల్ల. మందం సుమారు 2 మిల్లీమీటర్లు. శుభ్రమైనవి కట్టగా కొనుక్కోవచ్చు. అక్క పక్క పళ్ళ మధ్య, అంటే కోరపళ్ళకు వెనక, ఏడు పుల్లలు దొంతరగా పట్టాయి. ఎనిమిదోది ఆ ఏడింటి మధ్యలోకి మెల్లగా జొప్పించి, బుగ్గ లాగుతున్నట్టు అనిపించేదాకా తోసి, ఒక నిమిషం అలాగే ఉంచాలి. తీసి కాస్త విశ్రాంతి. ఇలా అయిదుసార్లు. ఇది ఒక విడత. రోజుకు అయిదారు విడతలు. లాగుడు ఉండాలి, నొప్పి ఉండకూడదు. రక్తం వస్తే ఆ రోజుకు ఆపాలి. ఎనిమిది పుల్లలు సునాయాసంగా పట్టే నాటికి తొమ్మిదోది. కదిలే పళ్ళున్న వాళ్ళు డాక్టరు చూపించిన చోటే పెట్టుకోవాలి. అక్క వంద బీడీలు కట్ట కట్టిన ప్రతిసారీ ఒక విడత చేసేది. ఆమె గడియారం అదే!

2024 ఫిబ్రవరికి 27 మిల్లీమీటర్లు. ఏడాదిలో ఎనిమిది పెరిగాయి. ఎనిమిది మిల్లీమీటర్లంటే మీకు నవ్వులాటగా ఉండవచ్చు. ముద్ద లోపలికి వెళుతుంది, దవడ పళ్ళ మీదికి బ్రష్షు వెళుతుంది, అద్దం నిలువుగా తిరుగుతుంది. మేలో మనవరాలి పెళ్ళి పనుల్లో పడి నెలరోజులు పుల్లలు ముట్టలేదు. 24కు పడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి ఆగస్టుకు 27కు తెచ్చుకుంది. మరీ బిగుసుకున్న వాళ్ళకు పట్టీలు కోసి, బుగ్గలోని కొవ్వునో, మరోచోటి చర్మాన్నో తెచ్చి అతికే ఆపరేషను ఉంది. అయితే ఆపరేషను చేయించుకున్నవాళ్ళు కూడా నెలల తరబడి పుల్లల సాధన చెయ్యాల్సిందే. మానేస్తే కోసిన చోటే మళ్ళీ బిగుస్తుంది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్ళకు గర్భసంచికో, అపెండిక్సుకో, మరెక్కడో ఆపరేషను అవసరమైతే, మత్తు డాక్టరుగారికి ఈ సంగతి ముందే చెప్పాలి. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి గొట్టం నోట్లోంచి దించాలి. నోరు తెరుచుకోదని బల్లమీద పడుకోబెట్టాక తెలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిస్తే ముక్కులోంచి సన్నటి దుర్భిణి సాయంతో దించే పద్ధతి ఉంది.

క్యాన్సరు మాట కూడా దాచను. ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్న వాళ్ళను 17 ఏళ్ళపాటు గమనించి 1985లో ప్రకటించిన పరిశీలనలో నూటికి ఏడెనిమిది మందికి నోటి క్యాన్సరు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధనా విభాగం 2003లో సమావేశమై, పొగాకు కలవని వక్క కూడా మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని తేల్చింది. అంటే నూటికి తొంభైమందికి పైగా క్యాన్సరు రాదు, కాని ఎవరికి వస్తుందో తెలియదు కనుక అందరూ చూపించుకుంటూ ఉండాలి. రెండు వారాల్లో మానని పుండు, గీకితే పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గట్టి గడ్డ, వీటిలో ఏది కనబడినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించాలి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మనవాళ్ళకు ఒక భయం ఉంది. పాకదు.

అక్క మనవడు జగిత్యాలలో ఇంటర్ చదువుతున్నాడు. అక్క కోసం తెచ్చిన పుల్లలతో ఆడుతూ, తన నోట్లో ఎన్ని పడతాయో చూసుకున్నాడు. వాడి నోరు నేనే కొలిచాను, 31. జేబులో పాన్ మసాలా పొట్లాలు, పొగాకు లేనివి. "ఇందుల తంబాకు లేదు తాతా" అన్నాడు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాటే! పదిహేడేళ్ళవాడికి మూడో వేలు సగమే పట్టింది. అప్పటికే కాలేజీ క్యాంటీన్లో మిర్చిబజ్జీ మానేశాడట, మండుతోందని. ఎవరికీ చెప్పలేదు. అక్క వాణ్ణి తిట్టలేదు. తన చేతిలోని పుల్లల కట్ట వాడి ముందు పెట్టి, ఎలా జొప్పించాలో చూపించింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి వస్తారు నా దగ్గరికి, మూడు నెలలకోసారి. వాడు 36 దాకా వచ్చాడు.

మొన్న వచ్చినప్పుడు అక్క ఎడమ బుగ్గలో, వక్క పెట్టుకునే చోటే, కందిగింజంత తెల్ల మచ్చ కనిపించింది. ముక్క తీసి పంపాను. క్యాన్సరు కాదని వచ్చింది, కాని కణాలలో కొద్దిపాటి మార్పు ఉందన్నారు. ఆ మచ్చ మొత్తం తీసేశాం. ఇకనుంచి మూడు నెలలు కాదు, నెలకోసారి రమ్మన్నాను. "నెలకో దినం బీడీ పోతది గదరా" అంది. వస్తానని మాత్రం ఒప్పుకుంది.